టీకా తేదీ మార్చుకోవడం, వెంట ఏం తీసుకెళ్లాలి: క్లినిక్ వాట్సాప్ పద్ధతిపై నాలుగేళ్ల వాడకం తర్వాత సమీక్ష

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు పెట్ క్లినిక్‌లో రెండు కుక్కలకీ ఒక పిల్లికీ నాలుగేళ్లుగా టీకాలు వేయిస్తున్నాం. ఈ సమీక్ష అక్కడి డాక్టర్ల గురించి కాదు, వాళ్లు వాడే వాట్సాప్ రిమైండర్ గురించీ తేదీ మార్చుకునే పద్ధతి గురించీ. క్లినిక్ పేరు రాయడం లేదు. చిన్నచిన్న తేడాలతో ఇదే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల నడుస్తోంది కాబట్టి మీ క్లినిక్‌కీ ఇది వర్తించవచ్చు.

పద్ధతి ఇలా ఉంటుంది. టీకా తేదీకి మూడు రోజుల ముందు ఒక మెసేజ్ వస్తుంది, ముందు రోజు సాయంత్రం ఇంకొకటి వస్తుంది. కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి వస్తున్నామని చెప్పడానికి, రెండోది తేదీ మార్చడానికి. రెండోది నొక్కితే రాబోయే పది రోజుల్లో ఖాళీగా ఉన్న స్లాట్లు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకుంటే పని అయిపోతుంది. మొత్తం అర నిమిషం. ఫోను ఎత్తరనే బెంగ లేదు, రిసెప్షన్‌లో ఎవరున్నా లేకపోయినా రాత్రి పదింటికి కూడా మార్చుకోవచ్చు. పెద్ద కుక్కకి ఏడాదికోసారి వేసే టీకా విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది, ఇందులో నాకు ఫిర్యాదు లేదు.

కుక్కపిల్ల టీకాల దగ్గర మాత్రం ఈ బటన్‌ని నమ్మవద్దు. అది రెండు సంగతులు అడగదు: ఎందుకు మారుస్తున్నారు, ముందు డోసు ఏ రోజున పడింది. కుక్కపిల్లకి తేదీ మార్చాలా వద్దా, ఎన్ని రోజులు మార్చవచ్చు అన్నది తేల్చేవి ఆ రెండే.

కుక్కపిల్లకి ఒకే టీకా మూడు సార్లు ఎందుకు వేస్తారో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టిన తొలి గంటల్లో తాగిన జున్నుపాల నుంచి పిల్లకి తల్లి యాంటీబాడీలు వస్తాయి. అవి పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల నుంచి కొన్ని వారాలు కాపాడతాయి, కానీ ఆ రోజుల్లో వేసిన టీకాని కూడా పనిచేయనివ్వవు. అవి ఏ పిల్లలో ఏ వారానికి తగ్గిపోతాయో పైకి చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోవాలని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. ఈ వరుసలో చివరి డోసు పదహారు వారాలు నిండాక పడటం చాలా ముఖ్యం. మూడు డోసులు పడ్డాయి కదా, లెక్క సరిపోయింది అనుకోవడం పొరపాటు. మూడోది పద్నాలుగో వారంలోనే పడితే తల్లి యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉన్న పిల్లలో అది పని చేయకపోవచ్చు.

దీంతోపాటు రెండు గడువులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, పార్వో, డిస్టెంపర్ టీకాల్లాగా బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసే లైవ్ టీకాకీ, తర్వాతి లైవ్ టీకాకీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలి. అంతకంటే దగ్గరగా వేస్తే మొదటిది రేపిన స్పందనే రెండోదానికి అడ్డుపడవచ్చు. రెండోది, వీటితో పాటు వేసే లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు టీకాకి సంబంధించింది. ఇది చంపిన బ్యాక్టీరియాతో చేసిన టీకా కాబట్టి మొదటి డోసు ఒక్కటే సరిపోదు, రెండోది పడితేనే రక్షణ నిలబడుతుంది. ఆ రెండోది ఆరు వారాల్లోపు పడకపోతే మళ్లీ మొదటి నుంచి రెండు డోసులు వేయాల్సి వస్తుంది. అంటే కుక్కపిల్ల టీకాని ముందుకి జరిపితే 14 రోజుల గడువు అడ్డొస్తుంది, వెనక్కి జరిపితే ఆరు వారాల గడువు అడ్డొస్తుంది. ఈ రెంటి మధ్య చోటు చాలానే ఉంటుంది, కంగారు అక్కర్లేదు. కాకపోతే లెక్క చూసుకుని జరపాలి.

ఒక ఉదాహరణ తేదీలతో సహా చూద్దాం. జూన్ 1న పుట్టిన కుక్కపిల్ల అనుకోండి. ఆగస్టు 3న, అంటే తొమ్మిది వారాలకి, డిస్టెంపర్, పార్వో లాంటివాటికి కలిపి వేసే డీహెచ్‌పీపీఐ టీకాతో పాటు లెప్టో మొదటి డోసు పడింది. రెండోది ఆగస్టు 24న, సరిగ్గా పన్నెండు వారాలకి. అదే రోజు రేబిస్ కూడా వేయాలని డాక్టర్ గారు టీకా పుస్తకంలో రాశారు. ఆగస్టు 23 రాత్రి పిల్లకి విరేచనాలు మొదలయ్యాయి. పొద్దున ఫోన్ చేస్తే డాక్టర్ గారు టీకా వాయిదా వేసి మందులిచ్చి, తగ్గాక సెప్టెంబర్ 2న రమ్మన్నారు. ఆగస్టు 3 నుంచి సెప్టెంబర్ 2కి 30 రోజులు. లెప్టో ఆరు వారాల గడువు సెప్టెంబర్ 14 దాకా ఉంది. కాబట్టి ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది.

తప్పు దీని తర్వాత జరుగుతుంది. మూడో డోసు తేదీని సాఫ్ట్‌వేర్ పాత అపాయింట్‌మెంట్ నుంచే లెక్కగట్టి పెట్టుకుంది: ఆగస్టు 24కి 21 రోజులు కలిపితే సెప్టెంబర్ 14. బటన్‌తో ఒక తేదీ మార్చినా, దాని వెనకాల ఉన్న తేదీలు కదలవు. సెప్టెంబర్ 11న యథాప్రకారం రిమైండర్ వస్తుంది. ఆ మెసేజ్ నమ్మి 14న వెళితే రెండో డోసు పడి 12 రోజులే అయి ఉంటుంది. పిల్ల వయసు కూడా సరిగ్గా 15 వారాలే. అంటే డోసుల మధ్య ఎడం చాలదు, వయసు కూడా చాలదు. సరైన తేదీ సెప్టెంబర్ 2 నుంచి 21 రోజులకి, అంటే సెప్టెంబర్ 23. అప్పటికి పిల్లకి పదహారు వారాల రెండు రోజులు నిండుతాయి. తొమ్మిది రోజులు ఆగితే అన్నీ సరిపోయే చోట, ఒక ఆటోమేటిక్ మెసేజ్ వల్ల చివరి డోసు వృథా అయ్యే అవకాశం ఉంది. డాక్టర్ గారు పుస్తకం చూస్తే పట్టుకుంటారు. శనివారం సాయంత్రం రద్దీలో, పుస్తకం ఇంట్లో మరిచిపోయి వస్తే పట్టుకోవడం కష్టం.

ఈ లోపం గురించి క్లినిక్‌కి చెప్పాం. ఇప్పుడు వాళ్లు కుక్కపిల్లల తేదీలు రిసెప్షన్‌లో చేత్తో సరిచేస్తున్నారు, కానీ బటన్ నొక్కి మార్చుకుంటే ఆ సవరణ జరగదు. అందుకే పిల్ల పదహారు వారాలు దాటేదాకా బటన్ వాడకుండా, అదే వాట్సాప్ నంబరుకి మామూలు మెసేజ్ పెట్టడం మేలు. మనిషి చదివే మెసేజ్‌లో పుట్టిన తేదీ, ముందు డోసు పడిన తేదీ, మార్చడానికి కారణం, ఏ రోజులు కుదురుతాయి అన్నవి ఉంటే రెండో ఫోన్ అవసరం ఉండదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం అండీ. రేపు ఉదయం 10:30కి మా కుక్కపిల్లకి రెండో డోసు, రేబిస్ టీకా ఉన్నాయి. రాత్రి నుంచి మూడు సార్లు నీళ్ల విరేచనాలు అయ్యాయి, తిండి తినడం లేదు. పుట్టిన తేదీ జూన్ 1, మొదటి డోసు ఆగస్టు 3న పడింది. రేపు చూపించడానికి తీసుకురమ్మంటారా, టీకా ఎప్పుడు వేయించమంటారు? సోమ, మంగళవారాలు ఉదయం కుదురుతుంది. మూడో డోసు తేదీ కూడా దీన్నిబట్టి మార్చగలరు."

చివరి వాక్యం చిన్నదే అయినా మెసేజ్‌లో అతి ముఖ్యమైనది అదే.

ఇక ఏ కారణానికి మార్చాలి, ఏ కారణానికి అక్కర్లేదు అన్నది. జ్వరం, వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం, టిక్ ఫీవర్ మందుల కోర్సు మధ్యలో ఉండటం, దురదకి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతూ ఉండటం, ఇవన్నీ డాక్టర్‌కి ముందే చెప్పాల్సినవి. వీటిలో కొన్నింటికి వాయిదా వేస్తారు, కొన్నింటికి వేయరు. ఆ నిర్ణయం వాళ్లదే, మనం మందు పేరూ మోతాదూ చెప్పాలి. ఆడకుక్క చూలుతో ఉంటే లైవ్ టీకాలు సాధారణంగా వేయరు కాబట్టి మగకుక్కతో జతకట్టిన తేదీ, అనుమానం ఉన్నా సరే, తప్పకుండా చెప్పాలి. ఎదకి వచ్చిన కుక్కకి టీకా వేయడంలో వైద్యపరంగా పెద్ద ఇబ్బంది లేకపోయినా, వెయిటింగ్ హాల్లో మగకుక్కలతో గొడవ అవుతుంది కాబట్టి చాలా క్లినిక్‌లు రెండు మూడు వారాలు ఆగమంటాయి. కుక్క ఒళ్లు ముట్టుకుంటే వేడిగా ఉందని మాత్రం తేదీ మార్చకండి. కుక్క మామూలు ఉష్ణోగ్రతే దాదాపు 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, మనిషి చేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి చూసి, 103 దాటితే ఫోన్ చేయండి.

అమావాస్య అనో మంగళవారం అనో ఒకటి రెండు రోజులు జరపడం వల్ల నష్టం లేదు, పై రెండు గడువులు దాటకపోతే చాలు. కానీ ఏ కారణానికీ జరపకూడని తేదీలు ఒక రకం ఉన్నాయి. వీధికుక్కో అనుమానం ఉన్న జంతువో మన పెంపుడు కుక్కని కరిచాక వేసే రేబిస్ ఇంజెక్షన్లు. వాటిని మన దగ్గర సాధారణంగా 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన వేస్తారు. రిమైండర్ పద్ధతి వీటికి కూడా అదే బటన్ చూపిస్తుంది. అది క్లినిక్ చేసిన తప్పుగానే భావిస్తాను, ఈ కేసుల్లో ఆ బటన్ ఉండనే కూడదు. ఆ రోజు డాక్టర్ లేకపోతే ఇంకో క్లినిక్‌లోనో ప్రభుత్వ పశువైద్యశాలలోనో అదే రోజు వేయించి, పుస్తకంలో రాయించుకోండి.

కొత్త స్లాట్ ఎంచుకునేటప్పుడు చాలామంది శనివారం సాయంత్రం చివరి స్లాట్‌కి వెళతారు, ఆఫీసు లేదు కాబట్టి. టీకాకి మాత్రం అది మంచి సమయం కాదు. అలెర్జీ స్పందన వచ్చే కుక్కల్లో అది ఎక్కువగా మొదటి అరగంట నుంచి కొన్ని గంటల్లోపు కనిపిస్తుంది: మూతి, కళ్ల చుట్టూ వాపు, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, నీరసంగా కూలబడటం. టీకా వేయించాక క్లినిక్‌లోనే 20 నుంచి 30 నిమిషాలు కూర్చోమనేది అందుకే. చివరి స్లాట్‌లో ఆ అరగంట దొరకదు, ఇంటికి వెళ్లాక ఏమైనా అయితే క్లినిక్ మూసి ఉంటుంది, మర్నాడు ఆదివారం. మామూలు రోజుల్లో ఉదయం స్లాట్ దొరికితే అదే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ దృష్ట్యా కూడా అదే నయం. గతంలో ఒకసారి మూతి వాచిన కుక్క అయితే ఆ సంగతి అపాయింట్‌మెంట్ అప్పుడే చెబితే డాక్టర్ ముందు జాగ్రత్త తీసుకుంటారు.

పెద్ద కుక్క విషయంలో, డిస్టెంపర్, పార్వో భాగం నెల ఆలస్యమైనా భయపడాల్సింది లేదు. తొలి వరుస సరిగా పడి ఉంటే ఆ రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. లెప్టో ఏడాదికోసారి వేయాల్సిందే. ఇక రేబిస్ దగ్గర ఆలస్యం ఒంటికంటే కాగితానికి ఎక్కువ దెబ్బ. సర్టిఫికెట్ మీద ఉన్న చెల్లుబాటు తేదీ ఒక్కరోజు దాటినా జీహెచ్‌ఎంసీ లైసెన్సు పనికీ ప్రయాణానికీ అడ్డు తగులుతుంది. కుక్కని వెంటబెట్టుకుని యూరప్ వెళ్లే ఆలోచన ఉన్న కుటుంబాలు ఈ ఒక్క తేదీని మార్చే ముందు రెండు సార్లు ఆలోచించాలి. అక్కడి నిబంధన ప్రకారం మైక్రోచిప్ వేశాక రేబిస్ టీకా వేయించాలి, దానికి కనీసం 30 రోజుల తర్వాత రక్తం తీసి యాంటీబాడీ పరీక్ష చేయించాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాకే ప్రయాణం. ఆ పరీక్ష చెల్లాలంటే తర్వాతి రేబిస్ టీకాలు గడువు దాటకుండా పడుతూ ఉండాలి. దాటితే ఆ వరుస అంతా మళ్లీ మొదలు. అలాంటి కుక్కకి తేదీ జరపాల్సి వస్తే గడువు కంటే ముందుకి జరపండి, వెనక్కి కాదు.

ఇప్పుడు ఏం తీసుకురావాలో చెప్పే రిమైండర్ సంగతి. ముందు రోజు సాయంత్రం వచ్చే మెసేజ్‌లో మూడే మాటలు ఉంటాయి: టీకా పుస్తకం, బెల్టు, సమయానికి పది నిమిషాల ముందు రండి. చదవడానికి తేలికే గానీ చాలదు. తేదీ మార్చుకున్నవాళ్లకి ఈ మెసేజ్ కొన్నిసార్లు పాత తేదీ ముందు రోజే వచ్చి ఆగిపోతుంది, కొత్త తేదీకి రాదు. తేదీ మార్చిన వెంటనే ఫోన్‌లో మనమే అలారం పెట్టుకోవడం ఒక్కటే దీనికి మార్గం.

పుస్తకం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. టీకా సీసా మీద ఊడదీసి అంటించే చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. అది పుస్తకంలో తేదీ పక్కన అంటించి, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర పడితేనే అది పూర్తి రికార్డు. పుస్తకం మరిచిపోతే స్టిక్కర్‌ని కాగితం ముక్క మీద అంటించి ఇస్తారు, తర్వాత పుస్తకంలో అతికించుకోమంటారు. అది పోతే బ్యాచ్ నంబరు లేని టీకా అయిపోతుంది. రేబిస్ టీకా చాలా చోట్ల పది డోసుల సీసాల్లో కూడా వస్తుంది. అప్పుడు ప్రతి కుక్కకీ స్టిక్కర్ ఉండదు కాబట్టి బ్యాచ్ నంబరు చేత్తో రాయించుకోవాలి. పుస్తకంలో ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే, వాయిదా మెసేజ్ రాసేటప్పుడు ముందు డోసు తేదీ వెతుక్కోనక్కర్లేదు.

నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారో, ఏ మందో అడుగుతారు. పట్టీ ఫోటో చాలు. చాలామంది డాక్టర్లు టీకాకి వారం ముందు ఆ మందు వేయమంటారు. తేదీ పది రోజులు వెనక్కి జరిగిందని అదే మందు ఇంకోసారి వేయకండి, అడిగి వేయండి. విరేచనాల వల్లే వాయిదా పడి ఉంటే, అదే రోజు ఉదయం మలం ఒక చెంచాడు శుభ్రమైన మూతడబ్బాలో తీసుకెళ్లండి. నిన్నటిది పనికిరాదు. వాడిన మందుల చీటీ కూడా వెంట ఉండాలి.

టీకాలు పూర్తికాని పిల్లని క్లినిక్ నేల మీద దించకండి. ఈ మాట రిమైండర్‌లో లేకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించింది. పార్వో వచ్చిన కుక్కలు వచ్చేది కూడా ఆ హాల్లోకే, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌తో పోదు. పిల్లని పట్టుకోవడానికి ఒక బుట్టో, ఒళ్లో పరుచుకునే పాత తువ్వాలో తెచ్చుకోండి. తూకం యంత్రం మీద కూడా తువ్వాలు పరిచి నిలబెట్టమనండి. పిల్లిని తెచ్చేవాళ్లకి మూత ఉన్న గట్టి బుట్ట, పైన కప్పే గుడ్డ. చేతుల్లో పట్టుకొచ్చిన పిల్లి కుక్క మొరగ్గానే ఎక్కడికి దూకుతుందో చెప్పలేం. పెద్ద కుక్కకి మెడకి సరిపోయిన బెల్టూ గొలుసూ, కరిచే అలవాటున్నదానికి ఇంటి దగ్గర అలవాటు చేసిన మూతికట్టు. తిండి విషయంలో ఖాళీ కడుపు అక్కర్లేదు, కాకపోతే రెండు మూడు గంటల ముందు తేలిగ్గా పెట్టి ఆపండి. కారులో కక్కుకునే కుక్క టీకా తర్వాత ఇంటికెళ్తూ కక్కుకుంటే అది ప్రయాణం వల్లో టీకా వల్లో తేల్చుకోలేక అందరూ కంగారు పడతారు.

టీకాని మెడికల్ షాపులో కొని తెచ్చుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తేదీ వాయిదా పడిందని ఇంట్లో ఫ్రిజ్ తలుపులో పెడితే తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెడితే రేబిస్ టీకా గడ్డకట్టి పాడైపోతుంది, కరిగాక చూడ్డానికి తేడా తెలియకపోవచ్చు కూడా. వాయిదా పడితే సీసాని క్లినిక్ ఫ్రిజ్‌లో పెట్టమని అడగండి, లేదా టీకా రోజునే కొనండి.

మార్కులు వేయమంటే పెద్ద కుక్కల వార్షిక టీకాకి ఈ పద్ధతికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, కుక్కపిల్లల వరుసకి రెండు. ఆ రెండూ కూడా వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చదివి జవాబిచ్చే రిసెప్షన్ అమ్మాయి వల్ల. క్లినిక్ నుంచి బయటికి వచ్చే ముందు పుస్తకంలో రాసిన తర్వాతి తేదీ, కంప్యూటర్‌లో పడిన తేదీ ఒకటేనా అని ఆ అమ్మాయిని అడిగి చూసుకోండి. తేడా ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు.